పంటల బీమా మీద రేడియో ప్రసంగం: కాగితం మీద బాగుంది, వింటే తిరగబడుతోంది

మైకుకొత్త

అందరికీ నమస్కారం. మా కమ్యూనిటీ రేడియోలో చిన్న రైతుల కోసం పంటల బీమా మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనలన్నీ చదివి స్క్రిప్టు రాశాను. రికార్డింగుకు ముందు ఒకసారి మా అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ బట్టలు మడతపెట్టుకుంటూ అంతా విని, "అయితే పంట పోయిన ప్రతి ఒక్కరికీ డబ్బులొస్తాయన్నమాట, మంచిదే" అంది. నేను చెప్పాలనుకున్నది సరిగ్గా దానికి ఎదురు!

తేడా కొట్టిన పేరా ఇదీ:

"నోటిఫై చేయబడిన యూనిట్‌లో పంట కోత ప్రయోగాల ద్వారా నిర్ధారించబడిన వాస్తవ దిగుబడి, హామీ దిగుబడి కంటే తక్కువగా నమోదైన పక్షంలో మాత్రమే సదరు లోటు నిష్పత్తిలో పరిహారం చెల్లించబడుతుంది తప్ప, వ్యక్తిగతంగా నష్టపోయిన ప్రతి రైతుకూ పరిహారం లభిస్తుందని భావించరాదు."

ఇందులో తప్పేమీ లేదు. మూడుసార్లు సరిచూసుకున్నాను. మరి ఆవిడకు అలా ఎందుకు వినిపించింది?

పాతస్క్రిప్టు

అమ్మా, మీ అత్తగారు సరిగ్గానే విన్నారు. పేరా చివర చూడండి. "నష్టపోయిన ప్రతి రైతుకూ పరిహారం లభిస్తుంది" దాకా వచ్చేసరికి వాక్యం పూర్తయినట్టే ఉంది. ఆ తర్వాత "అని భావించరాదు" అన్నారు. తెలుగులో కాదు, లేదు, వద్దు అన్నీ వాక్యం తోకలో ఉంటాయి. చదివేవాడి కన్ను ముందే తోక దాకా వెళ్లి వస్తుంది. వినేవాడికి ఆ వీలు లేదు. అప్పుడే గేదె అరిచిందనుకోండి, మోటారు ఆడిందనుకోండి, తోక తెగిపోతుంది. మొండెం మాత్రం మిగులుతుంది, అదేమో అబద్ధం చెబుతుంది.

ఇరవై ఏళ్లకు పైగా వ్యవసాయ కార్యక్రమాలకు స్క్రిప్టులు రాశాను. నేను పెట్టుకున్న ఒక నియమం చెబుతాను. కాదని చెప్పాల్సిన సంగతిని అవునని చెప్పే వాక్యంగా మార్చాలి. "ప్రతి రైతుకూ వస్తుందని అనుకోవద్దు" అనకండి. "బీమా వాళ్లు చూసేది ఊరి పంటని. మీ ఒక్కరి పొలాన్ని కాదు" అనండి. రెండో వాక్యం చెవిన పడకపోయినా మొదటిది నిజమే చెబుతుంది.

"చేయబడిన, నిర్ధారించబడిన, చెల్లించబడుతుంది" అన్నీ తీసేయండి. ఎవరు చేస్తారు, ఎవరు చెల్లిస్తారు? అది చెబితే చాలు.

ధీమాబాబు

మంచి టాపిక్. నా సలహా ఏంటంటే ముందు ప్రీమియం చెప్పాలి, వినేవాళ్లకు ఆసక్తి అక్కడే. ఖరీఫ్ ఆహార పంటలకు, నూనెగింజలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. తర్వాత "బీమా ఉంటే ధీమా" అని మధ్యమధ్యలో నాలుగైదుసార్లు రావాలి, గుర్తుండిపోతుంది. ముఖ్యంగా ఒకటి గట్టిగా చెప్పండి: ఎలాంటి నష్టమైనా, కరువైనా సరే, 72 గంటల్లో ఫోన్ చేయకపోతే పైసా రాదు.

కోతలెక్క

ధీమాబాబు గారూ, ప్రీమియం అంకెలు సరే. చివరి మాట మాత్రం సగమే నిజం. ఆ సగమే రేడియోలో వెళితే చాలామంది అనవసరంగా కంగారు పడతారు.

72 గంటల నియమం పొలం పొలానికి విడిగా జరిగే నష్టాలకు. వడగళ్లు పడటం, కొండచరియ విరిగిపడటం, పిడుగు పడి తగలబడటం లాంటివి. కోసి పొలంలో పనల మీద ఆరబెట్టిన పంట తుఫానుకో అకాల వర్షానికో తడిసినా అంతే. దానికి కోసినప్పటి నుంచి 14 రోజుల దాకా రక్షణ ఉంటుంది. ఇవి మనం చెబితేనే వాళ్లకు తెలుస్తాయి కాబట్టి మనం చెప్పాలి.

కరువు వచ్చి ఊరంతా దిగుబడి పడిపోతే ఎవరూ ఫోన్ చేయక్కర్లేదు. సీజన్ చివర కోత ప్రయోగాలు చేసి, అంటే కొన్ని చోట్ల పంట కోసి తూచి, ఊరికి ఒక దిగుబడి లెక్క తేలుస్తారు. తక్కువ వస్తే ఆ ఊళ్లో ఆ పంటకు బీమా చేసిన వాళ్లందరికీ పరిహారం లెక్కగడతారు.

ధీమాబాబు

ఓహో. మా దగ్గర అందరూ అన్నింటికీ 72 గంటలే అంటారు. సరే, నేర్చుకున్నా. స్లోగన్ మాత్రం వదలను.

పాతస్క్రిప్టు

వదలాలి నాయనా. బీమా, ధీమా రెండూ మైకులో ఒకేలా వినిపిస్తాయి. సిగ్నల్ సరిగ్గా లేనిచోట "ధీమా ఉంటే ధీమా" అవుతుంది. పాటలో ఫర్వాలేదు, విషయం చెప్పేటప్పుడు ప్రాస చెవిని మోసం చేస్తుంది.

అంకెలకూ ఇదే బాధ. ఇరవై, అరవై ఒకదానికొకటి కవలలు. డెబ్భై, ఎనభై, తొంభై ముగ్గురు అన్నదమ్ములు. డెబ్భై రెండు గంటలంటే ఎనభై రెండు అనుకున్న వాళ్లను నేనే చూశాను.

మైకుకొత్త

అయితే "మూడు రోజులు" అంటే సరిపోతుందా?

కోతలెక్క

అక్కడ జాగ్రత్త అక్కా. సోమవారం పొద్దున వడగళ్లు పడితే మంగళ, బుధ, గురు అని లెక్కపెట్టి గురువారం సాయంత్రం ఫోన్ చేస్తారు. అప్పటికి గంటలు దాటిపోతాయి.

పాతస్క్రిప్టు

అంకెకు బదులు వారాల పేర్లు వాడండి. "సోమవారం పొద్దున వడగళ్లు పడ్డాయనుకోండి. గురువారం పొద్దున లోపల ఫోన్ చేయాలి. ఆ రోజే చేస్తే ఇంకా మంచిది." వారాల పేర్లు ఎవరూ కలగలపరు.

నల్లరేగడి

నాకు బీమా డబ్బులు రాలేదు, దానికి ఎవరికి రాయాలో చెప్పండి. నేను లోను తీసుకున్న చోట ప్రీమియం కట్ చేసుకున్నారు. మొక్కజొన్నకు కట్ చేశారట. నేను వేసింది వేరుశనగ. అంతకుముందు ఏడాది మొక్కజొన్న వేశాను, కాగితాల్లో అదే ఉండిపోయింది. వేరుశనగ ఎండిపోయి ఊళ్లో అందరికీ వచ్చింది, నాకు రాలేదు. అడిగితే మొక్కజొన్న దిగుబడి బాగానే ఉంది కదా అన్నారు.

కోతలెక్క

అన్నా, ఇక్కడ నడుస్తున్నది రేడియో స్క్రిప్టు చర్చ. అయినా మీ సంగతి ముఖ్యమైనదే. కాగితం మీద ఏ పంట ఉందో ఆ పంటకే బీమా. మీ పొలంలో ఏముందో అది చూడదు. ప్రీమియం కట్ అయినట్టు బ్యాంకు ఎంట్రీ, ఆ ఏడాది వేరుశనగ వేశారని చూపే పంట నమోదు, ఈ రెండూ పట్టుకుని ముందు లోను ఇచ్చిన చోట రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా స్థాయి ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. డబ్బు తప్పకుండా వస్తుందని మాత్రం నేను చెప్పలేను. ఇది బీమా నమోదు గడువు ముగిసేలోపు పట్టుకోవాల్సిన తప్పు.

నల్లరేగడి

గడువు దాటి రెండేళ్లయింది తమ్ముడూ. సరే, ఈ మాట రేడియోలో చెప్పమ్మా. రసీదు మీద పంట పేరు చూసుకోమని.

మైకుకొత్త

తప్పకుండా చెబుతాను బాబాయ్.

ఇప్పుడు అసలు కష్టానికి వస్తాను. లెక్క ఎలా చెప్పాలి? కాగితం మీద ఒక్క వరుసలో అయిపోతుంది:

```
పరిహారం = (హామీ దిగుబడి − వాస్తవ దిగుబడి) ÷ హామీ దిగుబడి × బీమా మొత్తం
```

దీన్ని చెవికి ఎలా పంపాలో తెలియట్లేదు. మొత్తం తీసేద్దామా అనుకుంటున్నా.

కోతలెక్క

తీసేయకండి. రైతుకు కోపం వచ్చేది సరిగ్గా అక్కడే. "నాకు నలభై వేలకు బీమా ఉంది, పదివేలే ఇచ్చారు, మిగతాది ఎవరు తిన్నారు?" అంటారు. లెక్క తెలిస్తే ఆ అనుమానం ఉండదు, లేదా సరైన చోట అనుమానిస్తారు.

బస్తాల్లో చెప్పండి. గత ఏడేళ్లలో బాగా పండిన ఐదేళ్ల సగటు ఎకరాకు 25 బస్తాలనుకుందాం. అందులో 80 శాతానికి హామీ అయితే 20 బస్తాలు. ఆ హామీ శాతం పంటను బట్టి, ప్రాంతాన్ని బట్టి 70, 80, 90 ఉంటుంది. ఈసారి కోత ప్రయోగాల్లో సగటు 15 బస్తాలు వచ్చింది. 20కి 5 తక్కువ, అంటే నాలుగో వంతు. బీమా మొత్తం 40 వేలయితే 10 వేలు.

పాతస్క్రిప్టు

లెక్క బాగుంది కానీ చెవికి అంకెలు ఎక్కువయ్యాయి. ఏడు, ఐదు, ఇరవై ఐదు, ఎనభై, ఇరవై, పదిహేను, ఐదు, నాలుగు, నలభై, పది. వినేవాడి దగ్గర రెండు చేతులే ఉన్నాయి. ఒకసారికి రెండు అంకెలు పట్టుకోగలడు, మూడోది ఇస్తే మొదటిది జారవిడుస్తాడు.

ఏడేళ్లు, ఐదేళ్లు, ఎనభై శాతం తీసేస్తాను నేను. "ఇరవై బస్తాలు పండాలి అని ముందే ఒక గీత గీసి పెడతారు" అంటే చాలు.

కోతలెక్క

ఆ గీత ఎవరు గీశారు అని అడుగుతారండీ. నేను కోత ప్రయోగాలకు వెళ్లిన ప్రతిచోటా అదే ప్రశ్న. వరుసగా మూడు నాలుగేళ్లు పంట దెబ్బతిన్న చోట గీత కిందికి దిగిపోతుంది, అది రైతుకు తెలియాలి. ఏడింటిలో మంచి ఐదే తీసుకుంటారు కాబట్టి రెండు చెడ్డ ఏళ్లు లెక్కలోంచి పోతాయి. మూడో చెడ్డ ఏడాది మాత్రం లెక్కలోకి వస్తుంది. దాన్ని దాచితే ఎలా?

పాతస్క్రిప్టు

దాచమనడం లేదు. ఈ పది నిమిషాల్లో వద్దంటున్నాను. ఇంకో వారం ఇంకో ప్రసంగం.

కోతలెక్క

ఇంకో వారం వాళ్లు వింటారో లేదో.

వినేవాణ్ణి

నేను రాసేవాణ్ణి కాదు, వినేవాణ్ణి. ట్రాక్టర్ మీద ఉన్నప్పుడు రేడియో వింటాను. మీ ఇద్దరి మాటా చదివాను. గీత సంగతి ఒక్క వాక్యం ఉంటే నాకు చాలు. "వెనకటి ఏళ్లలో మీ ఊళ్లో పండిన పంటను చూసి గీస్తారు" అని. ఎన్నేళ్లు, ఎంత శాతం అనేది ట్రాక్టర్ మీద గుర్తుండదు. గుర్తుండేది ఏంటంటే, గీత ఊరికి ఒకటే ఉంటుంది, ఆ గీత కిందికి ఊరు ఎంత దిగితే అంత వంతు ఇస్తారు. అంతే కదా?

కోతలెక్క

అంతే. నాలుగు మాటల్లో తేల్చేశారు. అయినా ఏడేళ్ల ముక్క వదలడానికి నా మనసు ఒప్పట్లేదు.

ధీమాబాబు

కోత ప్రయోగాలకు మంచి పోలిక ఇస్తాను. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా! అలాగే ఊళ్లో నాలుగు చోట్ల కోసి చూస్తారు. వినగానే ఎక్కేస్తుంది.

కోతలెక్క

ఎక్కేస్తుంది కానీ తప్పు ఎక్కుతుంది. కుండలో అన్నం అంతా ఒకేలా ఉడుకుతుంది, అందుకే ఒక్క మెతుకు చాలు. ఊళ్లో పొలాలు అలా ఉండవు. ఒకరికి బోరు ఉంటుంది, ఒకరికి ఉండదు. ఒకరిది పల్లం, ఒకరిది మెరక. అందుకే ఒకచోట కాకుండా కనీసం నాలుగు చోట్ల కోస్తారు. ఆ నాలుగైనా సరిపోతాయా అన్నది రైతులు అడగాల్సిన ప్రశ్నే. మెతుకు పోలిక చెబితే ఆ ప్రశ్న పుట్టకముందే చచ్చిపోతుంది.

పాతస్క్రిప్టు

నేను కూడా ఈ మెతుకు సామెత వాడేవాణ్ణేమో. కోతలెక్క గారి మాట సబబు. పోలిక బాగుందంటే రెండోసారి అనుమానించాలి.

మైకుకొత్త

రాత్రి కూర్చుని ఆ పేరా తిరగరాశాను. కొంచెం పొడవైంది. అంకెలన్నీ అక్షరాల్లోనే రాసుకున్నాను, మైకు ముందు తడబడకుండా.

"ఒకే ఊళ్లో రెండు పొలాలు ఉన్నాయి. మధ్యలో ఒక గట్టు. గట్టుకు తూర్పున ఒక రైతు. గట్టుకు పడమర ఒక రైతు. ఇద్దరూ ఒకే పంట వేశారు. ఇద్దరూ బీమా చేశారు.

ఈ ఏడు వానలు సరిగ్గా పడలేదు. తూర్పు రైతుకు బోరు ఉంది. ఎకరాకు ఇరవై రెండు బస్తాలు పండించాడు. పడమటి రైతుకు బోరు లేదు. నాలుగు బస్తాలే చేతికొచ్చాయి.

ఇప్పుడు చెప్పండి. బీమా డబ్బు ఎవరికి ఎక్కువ రావాలి?

పడమటి రైతుకే అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ బీమా వాళ్లు చూసేది ఊరి పంటని.

ఊళ్లో కొన్ని చోట్ల పంట కోసి, తూకం వేసి, ఊరి సగటు తీస్తారు. ఊరి సగటు ఎకరాకు ఇరవై బస్తాలు ఉండాలని ముందే ఒక గీత గీసి ఉంది. వెనకటి ఏళ్లలో ఆ ఊళ్లో పండిన పంటను చూసి గీసిన గీత అది. ఈ ఏడాది పదిహేనే వచ్చాయి. ఐదు తక్కువ.

ఇరవైలో ఐదు అంటే పావు వంతు. అందుకని ఆ ఊళ్లో ఆ పంటకు బీమా చేసిన ప్రతి ఒక్కరికీ పావు వంతు ఇస్తారు. ఎకరాకు నలభై వేలకు బీమా ఉంటే, పదివేలు. తూర్పు రైతుకూ పదివేలే. పడమటి రైతుకూ పదివేలే."

వినేవాణ్ణి

ఫోన్‌లో ఎవరితోనైనా చదివించుకుని విందామని మా అబ్బాయి చేత చదివించాను. ఒక్కసారికే పట్టుబడింది. "ఇప్పుడు చెప్పండి" అన్నచోట అబ్బాయి ఆగకుండా చదివేశాడు. అక్కడ ఒక్క క్షణం ఆగాలి. నేను నోట్లోనే జవాబు చెప్పుకున్నాను, చెప్పేలోపు వాడు పక్క వాక్యానికి వెళ్లిపోయాడు.

పాతస్క్రిప్టు

స్క్రిప్టులో అక్కడ ఒక ఖాళీ వరుస వదలండి, పక్కన "ఆగు" అని ఎర్ర సిరాతో రాసుకోండి. గట్టు, తూర్పు, పడమర అనడం చాలా బాగా కుదిరింది. పేర్లు పెట్టి ఉంటే ఇద్దరూ కలిసిపోయేవారు. "అరవై" అన్న మాట మొత్తం ప్రసంగంలో ఎక్కడా రాకుండా చూసుకోండి, అప్పుడు ఇరవైకి పోటీ ఉండదు.

ఒక లోపం ఉంది. ఊరి సగటు ఇరవై ఒకటి వచ్చి, పడమటి రైతుకు మాత్రం నాలుగే పండితే?

మైకుకొత్త

అప్పుడు ఆయనకు ఏమీ రాదు. అది రాస్తే బీమా ఎందుకు అనుకుంటారేమోనని వదిలేశాను.

కోతలెక్క

అదే రాయాలి అక్కా. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోటు అదే. ఊరంతా బాగుండి ఒక్కరి పొలం పోతే దిగుబడి లెక్కలో పైసా రాదు. అలా రానివాళ్లు మన దగ్గరికొచ్చి మోసం జరిగిందంటారు. ముందే చెబితే కనీసం ఆ దెబ్బ తగలదు. అలాగని ప్రతి పొలాన్నీ విడిగా కొలవాలంటే అయ్యే ఖర్చుకు చిన్న రైతు కట్టే ప్రీమియం ఏ మూలకూ చాలదు. ఈ ప్రాంతం లెక్క మన దేశంలో 1985 నాటి సమగ్ర పంటల బీమా పథకం నుంచీ నడుస్తున్నది అందుకే.

ధీమాబాబు

వినేవాళ్లు బీమా చేయడం మానేస్తే మీదే బాధ్యత. నేనైతే ఆ ముక్క రాయను.

నల్లరేగడి

నాకు ముందే చెప్పి ఉంటే కనీసం ఊరి మీద కోపం పెట్టుకునేవాణ్ణి కాదు. రాయమ్మా.

మైకుకొత్త

రాస్తున్నాను. తోకలో "రాదు" పెట్టకుండా ఇలా: "అదే ఊరి సగటు గీతకు పైన ఉంటే, బీమా డబ్బు ఆగిపోతుంది. పడమటి రైతుకు నాలుగే బస్తాలు పండినా సరే, ఆగిపోతుంది."

చివర్లో హెల్ప్‌లైన్ నంబరు చెప్పాలి, 14447. "ఒకటి, మూడు నాలుగులు, ఏడు" అనుకుంటున్నా.

వినేవాణ్ణి

వద్దు! నేను 1, 3, 4, 7 అని రాసుకున్నా ఇప్పుడే.

పాతస్క్రిప్టు

"ఒకటి. నాలుగు. నాలుగు. నాలుగు. ఏడు." అంతే. దానికి ముందు "పెన్సిల్ తెచ్చుకోండి" అని చెప్పి, రెండు వాక్యాలు ఇంకేదైనా మాట్లాడండి, అప్పుడు నంబరు. అర నిమిషం తర్వాత మళ్లీ ఒకసారి. ముందు నంబరు చెప్పి తర్వాత "రాసుకోండి" అంటే దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

మైకుకొత్త

పొద్దున అత్తయ్యకు మళ్లీ వినిపించాను. అదే బట్టలు, అదే మడతలు. ఈసారి "ప్రతి ఒక్కరికీ వస్తాయా" అని అడగలేదు. మడతపెట్టడం ఆపి, "మరి ఊళ్లో ఎవరి పొలంలో కోస్తారో ఎవరు చెబుతారు? పెద్దాళ్ల పొలాల్లోనే కోస్తే సగటు పెరిగిపోదూ?" అంది. నాకు జవాబు తెలియలేదు. కోతలెక్క గారూ?

కోతలెక్క

మీ అత్తయ్య గారికి నమస్కారం చెప్పండి. పొలాన్ని ఎవరూ ఇష్టం వచ్చినట్టు ఎంచుకోకూడదు. సర్వే నంబర్ల జాబితాలోంచి చీటీ తీసినట్టు, ముందే ఇచ్చిన అంకెల పట్టికను బట్టి పొలం తేలుతుంది. ఆ పొలంలో ఏ మూల కోయాలో కూడా అలాగే తేలుతుంది. వరికైతే ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి తాడు కట్టి, లోపలి పంటంతా కోసి, నూర్చి, తూస్తారు. కోత రోజున రైతులు వచ్చి నిలబడి చూడొచ్చు. తాడు కట్టకముందే వస్తే మేలు. ఎందుకంటే పంట బాగున్న వైపు నాలుగడుగులు జరిగి కట్టినా, పలచగా ఉన్న వైపు జరిగి కట్టినా, కోసేశాక ఎవరూ కనిపెట్టలేరు.

మైకుకొత్త

ఈ ముక్క కూడా పెడితే పన్నెండు నిమిషాలవుతుంది. ప్రీమియం శాతాలు తీసేస్తున్నాను, అవి రసీదు మీద ఎలాగూ ఉంటాయి.

ధీమాబాబు

నా వాటాలో స్లోగన్ పోయింది, మెతుకు పోయింది, ఇప్పుడు ప్రీమియం కూడా పోయిందా!